'సర్వర్ పనిచేయడం లేదు' అన్నప్పుడు ఏం చూడాలి?

(రైతు సంఘం మండల కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా,

పంట బీమా, రుణం రెన్యువల్, భూమి రికార్డు నకలు, పెట్టుబడి సాయం. వీటిలో ఏది కావాలన్నా ఇప్పుడు ముందు తెరవాల్సింది పోర్టల్. అక్కడ పని ఆగిపోతే రైతుకు చెప్పే మాట ఒక్కటే: "సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి." ఆ రేపు గడువు దాటితే నష్టపోయేది రైతే. గడువు లోపల వచ్చాడని రుజువు చేసుకోవడానికి ఆయన చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు.

మన మండలంలో ఇలా వెనక్కి వచ్చిన వారితో కలిసి మేము నెట్ సెంటర్లకు వెళ్లి కూర్చున్నాం. చూస్తే, చాలాసార్లు సర్వర్ బాగానే ఉంది. పోర్టల్‌కు, అక్కడ వాడుతున్న బ్రౌజర్‌కు మధ్య పొసగలేదు. బ్రౌజర్ అంటే వెబ్‌సైట్ చూడటానికి మనం తెరిచే క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ లాంటివి. ఒకదానిలో తెరుచుకోని పేజీ పక్కదానిలో తెరుచుకుంటుంది. అలా ఎందుకు జరుగుతుందో కార్యకర్తలకు తెలిస్తే, గడువు రోజున ఒక రైతు దరఖాస్తు నిలబడుతుంది. అందుకే ఈ రోజు ఇదే మాట్లాడుకుందాం.

ఒక రసీదు కథ

మన సభ్యుడొకాయన ఖరీఫ్ పంట బీమా ప్రీమియం ₹1,120 కట్టడానికి గడువుకు రెండు రోజుల ముందు నెట్ సెంటర్‌కు వెళ్లాడు. ఆపరేటరు క్రోమ్‌లో వివరాలన్నీ నింపాడు. రైతు ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పాడు. డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఆపరేటరు రసీదు మీట నొక్కాడు. చక్రం కాసేపు తిరిగి ఆగిపోయింది. రసీదు రాలేదు. మళ్లీ నొక్కినా అంతే.

"డబ్బు పోయింది కానీ అక్కడికి చేరలేదన్నా" అన్నాడు ఆపరేటరు. ఎడ్జ్ తెరిచి, దరఖాస్తు మొదటి నుంచి మళ్లీ నింపి, మరో ₹1,120 కట్టించాడు. ఈసారి రసీదు తెరుచుకుంది. రైతు ఖాతాలో రెండు కోతలు పడ్డాయి. బ్యాంకుకు వెళ్లి అడిగితే, రెండు లావాదేవీలూ విజయవంతమయ్యాయి, డబ్బు అవతలి వాళ్లకు చేరింది, మా దగ్గర ఏమీ లేదన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. మొదటిసారే డబ్బు చేరింది, దరఖాస్తు నమోదైంది. రానిది రసీదు ఒక్కటే.

మేము అదే కంప్యూటర్ ముందు కూర్చుని పోర్టల్‌లో దరఖాస్తు స్థితి చూశాం. మొదటి దరఖాస్తు అక్కడే ఉంది. ఎదురుగా 'చెల్లించారు' అని కూడా ఉంది. క్రోమ్‌లో రసీదు మీట మళ్లీ నొక్కించాం. రసీదు రాలేదు కానీ అడ్రస్ బార్‌లో, అంటే పైన వెబ్‌సైట్ పేరు కనిపించే గడిలో, కుడి చివర ఒక చిన్న గుర్తు వచ్చింది. దాని మీద నొక్కితే Pop-ups blocked అని చూపించింది. రసీదు కొత్త కిటికీలో తెరుచుకోవాలి. ఆ కిటికీని బ్రౌజర్ తెరుచుకోనివ్వలేదు. జరిగింది ఇంతే.

కిటికీని బ్రౌజర్ ఎందుకు ఆపుతుంది?

ఒకప్పుడు ఏదైనా వెబ్‌సైట్ తెరిస్తే వద్దన్నా పది ప్రకటనల కిటికీలు మీద పడేవి. ఆ బెడద పోవడానికి బ్రౌజర్లు ఒక నియమం పెట్టుకున్నాయి. మనం మీట నొక్కితే వెంటనే తెరుచుకునే కిటికీని రానిస్తాయి. మనం నొక్కకుండా పేజీ తనంతట తాను తెరిచేదాన్ని ఆపేస్తాయి.

ఇబ్బంది 'వెంటనే' అన్న మాటలో ఉంది. మనం రసీదు మీట నొక్కగానే చాలా పోర్టళ్లు కిటికీని తెరవవు. ముందు సర్వర్‌ను అడుగుతాయి. సర్వర్ రసీదు తయారుచేసి పంపుతుంది. అప్పుడు కిటికీ తెరవబోతాయి. మనం నొక్కిన సంగతిని క్రోమ్ సుమారు 5 సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది. కొన్ని బ్రౌజర్లలో ఆ వ్యవధి ఇంకా తక్కువ. సర్వర్ జవాబు రెండు సెకన్లలో వస్తే కిటికీ తెరుచుకుంటుంది. ఎనిమిది సెకన్లు పడితే, ఎవరూ నొక్కకుండానే పేజీ కిటికీ తెరుస్తోందని బ్రౌజర్ అనుకుని ఆపేస్తుంది.

అంటే, జిల్లా కేంద్రంలో మంచి నెట్ ఉన్న ఆఫీసులో అధికారి చేసి చూస్తే రసీదు వస్తుంది. "మాకు బాగానే వస్తోందే" అంటాడు. మన ఊళ్లో, గడువు రోజు రద్దీలో, అదే పోర్టల్, అదే క్రోమ్, రసీదు రాదు. ఇద్దరూ చెప్పేది నిజమే. నెట్ నెమ్మదిగా ఉండే పల్లెకే ఈ జబ్బు ఎక్కువగా తగులుతుంది. ఇది పోర్టల్ కట్టిన తీరులోని లోపం. మీట నొక్కగానే ఖాళీ కిటికీ తెరిచి తర్వాత అందులో రసీదు నింపినా, లేక అదే పేజీలో రసీదు చూపినా ఈ సమస్య రాదు.

మరి ఎడ్జ్‌లో ఎలా వచ్చింది? 2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా క్రోమ్ నడిచే ఇంజను మీదే నడుస్తోంది. ఈ విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఆ నెట్ సెంటర్‌లో ఎవరో అంతకుముందే ఎడ్జ్‌లో ఆ పోర్టల్‌కు అనుమతి ఇచ్చి ఉన్నారు. క్రోమ్‌లో ఇవ్వలేదు. కాబట్టి "ఈ సైట్ ఎడ్జ్‌లోనే పనిచేస్తుంది" అని గోడకు కాగితం అంటించే ముందు ఆ అనుమతి సంగతి చూడాలి.

అనుమతి ఇవ్వడం తేలిక. కంప్యూటర్ క్రోమ్‌లో ఆ గుర్తు మీద నొక్కి, Always allow pop-ups and redirects అని ఉన్నదాన్ని ఎంచుకుని, Done నొక్కాలి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అడ్రస్ బార్ కింద ఒక పట్టీ కనిపిస్తుంది. దానిలోనే అనుమతి ఇవ్వొచ్చు. ఫోన్‌లోని క్రోమ్‌లో Settings, తర్వాత Site settings, అందులో Pop-ups and redirects దగ్గర చూడాలి. ఆ ఒక్క పోర్టల్‌కే అనుమతి ఇవ్వండి. అన్ని సైట్లకూ తెరిచి పెడితే దొంగ ప్రకటనలు కూడా వస్తాయి. "మీ ఫోన్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అనే మోసపు కిటికీలు వచ్చేది ఆ దారినే.

అనుమతి ఇచ్చాక డబ్బు కట్టే మీట మాత్రం మళ్లీ నొక్కొద్దు. ముందు ఖాతాలో కోత పడిందేమో చూడాలి. తర్వాత పోర్టల్‌లో దరఖాస్తు స్థితి చూడాలి. అక్కడ చెల్లింపు నమోదై ఉంటే మనకు కావాల్సింది రసీదు మాత్రమే. దాన్ని అక్కడి నుంచే తీసుకోవచ్చు.

పాత బ్రౌజర్ సంగతి

రెండో రకం జబ్బు పాత వెర్షన్‌ది. మన నెట్ సెంటర్లలో విండోస్ 7 కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. విండోస్ 7కు క్రోమ్ 109తోనే ఆఖరు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 నుంచి విండోస్ 10 గానీ అంతకంటే కొత్తది గానీ ఉండాలి. ఫైర్‌ఫాక్స్‌కు ఆ కంప్యూటర్‌లో 115 వెర్షన్‌తో ఆఖరు. ఫోన్లకూ ఇదే వరస. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లలో క్రోమ్ 138 దగ్గర ఆగిపోయింది.

పోర్టల్‌ను కొత్తగా మార్చినప్పుడు ఆ పాత బ్రౌజర్‌కు అర్థం కాని రాత అందులో చేరుతుంది. అప్పుడు పేజీ సగమే వస్తుంది. జిల్లా, మండలం ఎంచుకునే చోట నొక్కితే జాబితా దిగదు. మీట ఉంటుంది కానీ నొక్కితే చలనం ఉండదు. పైన పాపప్ గుర్తు కూడా రాదు. నిన్నటిదాకా పనిచేసి, పోర్టల్ మార్చాక ఆ ఒక్క కంప్యూటర్‌లోనే పనిచేయకపోతే వెర్షన్‌ను అనుమానించాలి. చూడటానికి క్రోమ్ అడ్రస్ బార్‌లో ఇలా కొట్టాలి:

```
chrome://version
```

మొదటి వరసలో కనిపించే నంబరే వెర్షన్. అది 109 అయితే ఆ కంప్యూటర్‌లో ఎంత అప్‌డేట్ కొట్టినా ముందుకు వెళ్లదు. గడువు రోజున దానితో కుస్తీ పట్టకుండా మరో కంప్యూటర్‌కో, కొత్త ఫోన్‌కో మారడమే దారి. ఫోన్‌లో పోర్టల్ కుదించుకుపోయి కనిపిస్తే మూడు చుక్కల దగ్గర Desktop site ఎంచుకుంటే కంప్యూటర్‌లో లాగే వస్తుంది. వెర్షన్ నంబరు చిన్నదే అయినా విండోస్ 10 ఉంటే, అప్‌డేట్ చేసి బ్రౌజర్‌ను మూసి తెరిస్తే చాలు.

పాత కంప్యూటర్లలో మరో తమాషా ఉంది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. బ్యాంకు సైట్లకు భద్రతా పత్రం ఉంటుంది. దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. కంప్యూటర్ తేదీ తప్పితే బ్రౌజర్ ఆ పత్రం చెల్లదనుకుని సైట్‌నే తెరవదు. Your clock is behind అని గానీ, NET::ERR_CERT_DATE_INVALID అని గానీ చూపిస్తుంది. బ్యాంకు సర్వర్‌కు దీనితో సంబంధం లేదు. కింద కుడి మూల తేదీ సరిచేస్తే సైట్ తెరుచుకుంటుంది. తేదీ సరిగ్గానే ఉన్నా భద్రతా హెచ్చరిక వస్తుంటే మాత్రం దాన్ని దాటి లోపలికి వెళ్లొద్దు. అక్కడ పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టొద్దు.

పోర్టలే పాతదైతే

మూడో రకంలో బ్రౌజర్ కొత్తది, పోర్టలే పాతది. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఒక్కదాని కోసమే కట్టిన ప్రభుత్వ పేజీలు ఇంకా అక్కడక్కడ ఉన్నాయి. పేజీ అడుగున Best viewed in Internet Explorer అని రాసి ఉంటే ఇదే అనుకోవచ్చు. విండోస్ 10 మీద ఆ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మద్దతు ముగించింది. అలాంటి పేజీ క్రోమ్‌లో తెరుచుకుంటుంది కానీ సంతకం, ప్రింటు, అప్‌లోడు లాంటి ఒక్కో పని దగ్గర ఆగిపోతుంది.

దీనికి ఎడ్జ్‌లో ఒక దారి ఉంచారు. ఎడ్జ్ Settings లో Default browser అనే చోటికి వెళ్తే Allow sites to be reloaded in Internet Explorer mode అని ఉంటుంది. అక్కడ Allow పెట్టి బ్రౌజర్‌ను మళ్లీ తెరవాలి. తర్వాత ఆ పోర్టల్ తెరిచి, మూడు చుక్కల జాబితాలో Reload in Internet Explorer mode నొక్కాలి. పోర్టల్‌ను ఆ జాబితాలో చేర్చుకుంటే 30 రోజులు గుర్తుంటుంది. తర్వాత మళ్లీ చేర్చాలి. ఈ సౌకర్యాన్ని కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఇది పాత పేజీల కోసం పెట్టిన ఊతకర్ర. ప్రభుత్వ పోర్టల్ అని రూఢిగా తెలిసిన చోటే వాడాలి.

నిజంగా సర్వరేనా?

కొన్నిసార్లు సర్వర్ నిజంగానే కూలిపోతుంది. రెండు బ్రౌజర్లలో, రెండు వేరు వేరు నెట్ కనెక్షన్ల మీద ఒకే తీరుగా ఆగిపోతే, తెర మీద 502, 503, 504 అంకెలు కనిపిస్తే, తప్పు అవతలి వైపే. మన కంప్యూటర్‌లో ఏం మార్చినా ఉపయోగం లేదు. అలాంటప్పుడు టైమూ తేదీ కనిపించేలా తెర ఫొటో తీసి, అదే రోజు బ్యాంకుకో వ్యవసాయ అధికారికో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. గడువు పెంచమని అడిగినా, నష్టపరిహారం అడిగినా రేపు మన చేతిలో ఉండేది ఆ కాగితమే.

డబ్బు విషయంలోనూ తేడా తెలియాలి. కార్డు ద్వారానో యూపీఐ ద్వారానో ఆన్‌లైన్‌లో కట్టినప్పుడు, ఖాతాలో కోత పడి అవతలి వాళ్లకు నిర్ధారణ అందకపోతే, 5 రోజుల్లోగా ఆ డబ్బు దానంతటదే తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు ₹100 చొప్పున పరిహారం ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ఇది. అయితే మనం చెప్పుకున్న కేసులో రెండు చెల్లింపులూ చేరాయి. అందుకే ఈ నియమం అక్కడ వర్తించలేదు. ఒకే పంటకు రెండుసార్లు ప్రీమియం పడిందని, రెండు లావాదేవీ నంబర్లూ చూపించి, తీసుకున్న వాళ్లనే అడగాల్సి వచ్చింది. మూడు వారాలు తిరిగాక వెనక్కి వచ్చింది. రసీదు కిటికీకి ముందే అనుమతి ఇచ్చి ఉంటే ఈ తిరుగుడు ఉండేది కాదు.

ఫిర్యాదు ఎలా రాయాలి?

"సైట్ పనిచేయడం లేదు" అని రాస్తే, "ఇప్పుడు పనిచేస్తోంది" అని జవాబు వస్తుంది. ఫైలు మూతపడుతుంది. కాబట్టి అవతలి వాళ్లు తప్పించుకోలేకుండా రాయాలి. మేము ఆ రైతు తరఫున ఇచ్చిన ఫిర్యాదు సారాంశం ఇది:

"ఫలానా తేదీ ఉదయం 11.10కి దరఖాస్తు నంబరు ఇంత, ప్రీమియం ₹1,120 చెల్లించాం. లావాదేవీ నంబరు ఇది. విండోస్ 10, క్రోమ్ వెర్షన్ ఇది. రసీదు మీట నొక్కితే సుమారు 8 సెకన్ల తర్వాత పాపప్ నిలిపివేసిన గుర్తు వస్తోంది. అదే పోర్టల్‌కు అనుమతి ఉన్న ఎడ్జ్‌లో రసీదు వస్తోంది. తెర ఫొటోలు రెండు జత చేశాం. రసీదు అదే పేజీలో వచ్చేలా మార్చాలి. అప్పటివరకు పాపప్ అనుమతి సంగతి చెల్లింపు పేజీలోనే తెలుగులో రాసి పెట్టాలి."

ఇందులో బ్రౌజర్ పేరు, వెర్షన్, ఎన్ని సెకన్లు, ఏ మీట అన్నీ ఉన్నాయి. దీన్ని ఇంజనీరు తన బల్ల దగ్గరే చేసి చూడగలడు. "మాకు బాగానే వస్తోంది" అనే జవాబు దీనికి చెల్లదు.

ఇది మనం దయతో చేయమని అడిగే పని కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. జిఐజిడబ్ల్యు అంటారు. 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. రకరకాల బ్రౌజర్లలో, రకరకాల నెట్ వేగాల మీద సైట్ పనిచేయాలన్నది ఆ మార్గదర్శకాలు మొదటి నుంచీ చెబుతున్న మాట. పోర్టల్ ఒకే బ్రౌజర్‌లో నడుస్తోందంటే, కట్టినవాళ్లు మన ఊరి నెట్ మీద ఒక్కసారి కూడా పరీక్షించలేదని అర్థం. ఫిర్యాదులో ఆ మార్గదర్శకాల పేరు రాయండి.

కాబట్టి మిత్రులారా, వచ్చే సీజను నమోదు మొదలయ్యేలోపు ప్రతి గ్రామ కమిటీ ఒక పని చేయాలి. మీ ఊరి నెట్ సెంటర్‌కు, సేవా కేంద్రానికి వెళ్లి, రైతులు వాడే కంప్యూటర్‌లో బ్రౌజర్ వెర్షన్, తేదీ, పాపప్ అనుమతి చూడండి. ఆపరేటరు మీద దాడికి వెళ్లినట్టు వెళ్లొద్దు. ఆయనా రోజంతా ఆ పోర్టల్‌తో వేగుతున్నవాడే. ఏ పోర్టల్ ఏ బ్రౌజర్‌లో ఎక్కడ ఆగుతోందో ఒక కాగితం మీద రాసి మండల కమిటీకి పంపండి. పది ఊళ్ల నుంచి ఒకే మీట పేరు వస్తే అది ఒక ఆపరేటరు తప్పు కాదని తేలుతుంది. ఆ కాగితాలు పట్టుకుని కలెక్టరు గారి దగ్గర గ్రీవెన్స్‌లో అందరం కలిసి నిలబడదాం.

సెలవు.